నూటికి నూట పదమూడు

బ్రిటన్‌లో ఒక మామూలు గుర్రప్పందెం అనుకుందాం. బరిలో ఎనిమిది గుర్రాలున్నాయి. బుక్‌మేకర్ బోర్డు మీద వాటి పేర్లకెదురుగా 2/1, 7/2, 5/1, 6/1, 8/1, 12/1, 20/1, 33/1 అని రాసి ఉంది. ఈ అంకెలు ఈ అధ్యాయం కోసం నేను ఎంచుకున్నవే అయినా, అక్కడి బోర్డులు ఉండే తీరు ఇదే. 2/1 అంటే ఒక పౌండు కాస్తే, గుర్రం గెలిచినప్పుడు రెండు పౌండ్ల లాభం వస్తుంది, కాసిన పౌండు కూడా వెనక్కి వస్తుంది. మొత్తం చేతికొచ్చేది మూడు పౌండ్లు. అంటే ఆ గుర్రం మూడుసార్లలో ఒకసారి గెలిస్తే కాసినవాడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆ రేటులో దాగి ఉన్న గెలుపు అవకాశం 33.33 శాతం అన్నమాట.

మిగిలిన ఏడింటికీ ఇదే లెక్క చేయవచ్చు. 7/2లో 22.22 శాతం, 5/1లో 16.67, 6/1లో 14.29, 8/1లో 11.11, 12/1లో 7.69, 20/1లో 4.76, 33/1లో 2.94. గెలిచేది ఎనిమిదింటిలో ఒక్కటే, ఏదో ఒకటి గెలిచి తీరుతుంది కూడా. కాబట్టి ఈ అవకాశాలన్నీ కూడితే సరిగ్గా 100 రావాలి. కానీ వచ్చేది 113. ఆ పైన మిగిలిన 13నే ఓవర్‌రౌండ్ అంటారు. బుక్‌మేకర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు దీన్ని 113 శాతం బుక్ అంటారు. బోర్డు మీద ఎక్కడా కనిపించని ఈ సంఖ్యే వాళ్ల జీవనాధారం.

ఒక పందెంలోని ప్రతి గుర్రానికీ విడివిడిగా రేటు కట్టి, ఎవరు ఏ గుర్రం మీద కాసినా తీసుకునే పద్ధతి ఇంగ్లండ్‌లో 1790ల నాటిది. న్యూమార్కెట్ రేసుల్లో హ్యారీ ఆగ్డెన్ అనే వ్యక్తి దాన్ని మొదలుపెట్టాడని చెబుతారు. అంతకుముందు పందెమంటే ఇద్దరి మధ్య వ్యవహారం, ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడాలి. అందరి పందేలూ ఒకే మనిషి తీసుకోవడం మొదలయ్యాక ఆ మనిషికి ఒక కొత్త వెసులుబాటు దొరికింది. ఏ గుర్రం గెలుస్తుందో కచ్చితంగా తెలియకపోయినా, రేట్లన్నీ కలిపి చూసుకుంటే బతకగలడు.

అది ఎలాగో చూడడానికి ఎనిమిది గుర్రాలకన్నా మూడు ఫలితాలున్న ఫుట్‌బాల్ మ్యాచ్ సులువు. సొంత మైదానంలో ఆడే జట్టు గెలుపుకు 2.10, డ్రాకు 3.40, ఎదుటి జట్టు గెలుపుకు 3.60 అని రేట్లున్నాయి. ఇవి దశాంశ రేట్లు. వంద రూపాయలు కాస్తే, కాసిన వందతో కలిపి 210, 340 లేదా 360 రూపాయలు చేతికొస్తాయి. ఇలా రాసినప్పుడు లెక్క ఇంకా తేలిక. 1ని రేటుతో భాగిస్తే చాలు. 47.62, 29.41, 27.78 వస్తాయి. మొత్తం 104.81.

ఇప్పుడు బుక్‌మేకర్ ఖాతా పుస్తకం తెరుద్దాం. సొంత జట్టు మీద 476 రూపాయలు, డ్రా మీద 294, ఎదుటి జట్టు మీద 278 వచ్చాయనుకుందాం. చేతిలో 1,048 రూపాయలున్నాయి. సొంత జట్టు గెలిస్తే 476ని 2.10తో హెచ్చించి చెల్లించాలి, అంటే దాదాపు 1,000. డ్రా అయితే 294 పెట్టు 3.40, అదీ 1,000. ఎదుటి జట్టు గెలిచినా 1,000. మైదానంలో ఏం జరిగినా అతను ఇచ్చేది వెయ్యి, మిగుల్చుకునేది 48.

ఇక్కడ రెండు సంఖ్యలు పక్కపక్కనే కనబడతాయి. వాటిని కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. 4.8 శాతం అనేది ఓవర్‌రౌండ్, అది చెల్లింపు వెయ్యితో పోల్చినది. కానీ పందెం కాసినవాళ్లు పెట్టింది 1,048 రూపాయలు. వాళ్ల డబ్బులో బుక్‌మేకర్‌కు మిగిలిన వాటా తెలియాలంటే 48ని 1,048తో భాగించాలి. 4.6 శాతం వస్తుంది. మార్జిన్ అంటే ఇదీ. ఓవర్‌రౌండ్ చిన్నదైనప్పుడు రెండింటికీ తేడా కనబడదు. మన గుర్రాల బోర్డు దగ్గర 13 శాతం ఓవర్‌రౌండ్ 11.5 శాతం మార్జిన్ అవుతుంది. నలభై గుర్రాలు పరిగెత్తే పందెంలో మొత్తం 150కి చేరిందనుకోండి, ఓవర్‌రౌండ్ 50, మార్జిన్ మాత్రం 33.3. ఒకరు ఓవర్‌రౌండ్, ఇంకొకరు మార్జిన్ చెబుతుంటే ఆ రెండు అంకెల్నీ పోల్చకూడదు.

రేటు కట్టేటప్పుడు అడుగులు ఈ క్రమంలోనే పడతాయి. ముందు నిజమైన అవకాశాల అంచనా వేస్తారు. సొంత జట్టుకు 45 శాతం అనిపిస్తే, కోత లేని న్యాయమైన రేటు 1ని 0.45తో భాగించగా వచ్చే 2.22. దాన్ని కొంచెం దించి 2.10 అని బోర్డుకెక్కిస్తారు. డ్రానూ ఎదుటి జట్టునూ అలాగే దించుతారు. ప్రతి రేటులోనూ గోరంత కోత ఉంటుంది. విడిగా చూస్తే ఏ రేటూ అన్యాయంగా అనిపించదు. 2.10కీ 2.22కీ ఉన్న తేడాను మామూలు మనిషి పట్టించుకోడు. మూడింటినీ కలిపి కూడితే తప్ప కోత బయటపడదు.

పైన చెప్పిన ఖాతా పుస్తకం మరీ పొందికైనదని పాఠకులు గమనించే ఉంటారు. జనం సరిగ్గా ఆ నిష్పత్తిలో డబ్బు పెట్టరు. అభిమానుల బలగం ఉన్న జట్టు మీద 700, డ్రా మీద 200, ఎదుటి జట్టు మీద 148 వచ్చాయనుకోండి. అభిమానుల జట్టు గెలిస్తే 1,470 చెల్లించాలి, చేతిలో ఉన్నది 1,048. అంటే 422 రూపాయల నష్టం. అందుకే డబ్బు ఒకవైపు మొగ్గగానే ఆ రేటును 2.10 నుంచి 1.95కి దించి, మిగతావాటిని పెంచుతారు. రేట్లు మారినా మొత్తం 105 దగ్గరే ఉండేలా చూసుకుంటారు. అయితే పుస్తకం ఎప్పుడూ సమతూకంలో ఉంచుకోవడమే వాళ్ల వృత్తి అని అనుకుంటే పూర్తి నిజం కాదు. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ అమెరికన్ ఫుట్‌బాల్ పందేలను పరిశీలించి 2004లో ప్రచురించిన వ్యాసంలో, అక్కడి బుక్‌మేకర్లు డబ్బును రెండువైపులా సమం చేయడానికి పాకులాడడం లేదని చూపించాడు. ఫలితాలను అంచనా వేయడంలో వాళ్లు జనం కన్నా మెరుగు. జనం ఎటు అతిగా మొగ్గుతారో కూడా వాళ్లకు తెలుసు. అందుచేత కొంత సాహసం చేసి, సమతూకంలో దొరికేదానికన్నా ఎక్కువ సంపాదిస్తారు. అంటే ఓవర్‌రౌండ్ అనేది బుక్‌మేకర్ లాభం కాదు. అతను తనకు తాను కట్టుకున్న గట్టు. ఒక్క మ్యాచ్‌లో అతను దానికి ఎంతో పైన ఉండవచ్చు, నిలువునా మునగనూ వచ్చు.

హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సుకు వెళ్లినవారికి టోట్ తెలుసు. ఆ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఓలే 1867లో రూపొందించిన ఆ ఏర్పాటులో డబ్బంతా ఒక కుప్పగా పోస్తారు. నిర్వాహకులు అందులోంచి ముందే తమ శాతం తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. అక్కడ కోత ఎంతో నియమాల్లో రాసి ఉంటుంది, నిర్వాహకులకు ఓటమి భయం లేదు. బుక్‌మేకర్ దగ్గర కోతను ఎవరూ చెప్పరు, మనమే కొలుచుకోవాలి.

కొలవడం అంటే కూడడమే కదా అనిపిస్తుంది. కానీ తప్పులు సరిగ్గా అక్కడే దొర్లుతాయి. కూడిక చెల్లాలంటే జాబితాలో ప్రతి ఫలితమూ ఉండాలి, ఏ రెండూ ఒకేసారి జరగకూడదు. ఒక టెస్ట్ మ్యాచ్‌లో ఒక జట్టు రేటు 1.80, రెండోదానిది 2.60 అని ఉందనుకుందాం. 55.56, 38.46 కూడితే 94.02 వస్తుంది. నూటికి లోపే ఉంది, బుక్‌మేకర్ నష్టానికి అమ్ముతున్నాడు అనిపిస్తుంది. లెక్కలోకి రానిది డ్రా. దాని రేటు 8.00 అయితే మరో 12.5 చేరి మొత్తం 106.52 అవుతుంది. మొత్తం నూటికి తక్కువ వచ్చినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, ఏ ఫలితం వదిలేశాను అని.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. గుర్రం మొదటి మూడు స్థానాల్లో ఒకదానిలో వస్తుందా అనే పందెంలో అన్ని గుర్రాల అవకాశాలూ కూడితే 330 వచ్చిందనుకోండి, బెంబేలు పడనక్కర్లేదు. అక్కడ ముగ్గురు విజేతలుంటారు. న్యాయమైన మొత్తం 100 కాదు, 300. కాబట్టి 330ని మూడుతో భాగించి 110 శాతం బుక్ అనాలి. ఫుట్‌బాల్ లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల మీద పందేలకైతే 400తో పోల్చాలి. ఇంకో సంగతి, రేట్లన్నీ ఒకే బుక్‌మేకర్‌వి, ఒకే క్షణంలోవి అయి ఉండాలి. ఒక్కో గుర్రానికి ఒక్కోచోట దొరికే మంచి రేటు ఏరి కూడితే మొత్తం బాగా తగ్గుతుంది, ఒక్కోసారి నూటికి కిందికీ పోతుంది. అది మార్కెట్ పోటీని చెబుతుందే కానీ ఏ ఒక్క బుక్‌మేకర్ కోతనూ చెప్పదు.

బ్రిటిష్ రేసుల లోకంలో ఓవర్‌రౌండ్‌ను గుర్రాల సంఖ్యతో భాగించి చెప్పే అలవాటుంది. మన బోర్డులో 13ని ఎనిమిదితో భాగిస్తే గుర్రానికి 1.6. పదహారు గుర్రాల పందెంలో మొత్తం 124 అయితే గుర్రానికి 1.5 మాత్రమే. కోత తగ్గినట్టు కనిపిస్తుంది. ఇద్దరు బుక్‌మేకర్ల గడుసుదనాన్ని పోల్చడానికి ఈ కొలమానం బాగానే ఉంటుంది. పందెం కాసేవాడికి మాత్రం దీనితో ఊరట చెప్పుకోవడం తగదని నా అభిప్రాయం. మొదటి పందెంలో అందరూ కాసిన ప్రతి వందలో 11.5 రూపాయలు బుక్‌మేకర్ వైపు జారితే, రెండోదాంట్లో 19.4 రూపాయలు జారతాయి. ఎక్కువ ఫలితాలున్నచోట కోతకు ఎక్కువ చోటుంటుంది. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న పందెంలో సన్నగా ఉండే మార్జిన్, సరిగ్గా ఎన్ని గోల్స్‌తో గెలుస్తారన్న పందెంలో లావెక్కడానికి కారణం అదే. నాలుగు మ్యాచ్‌ల ఫలితాలను ఒకే పందెంగా కలిపి కాసేవాళ్ల పరిస్థితీ ఇలాంటిదే. ఒక్కో మ్యాచ్ మొత్తం 1.048 అయితే, నాలుగు కలిసినప్పుడు కోతలు కూడికగా కాక హెచ్చింపుగా చేరి 1.206 అవుతాయి. కాసిన వందకు సగటున తిరిగొచ్చేది 83 రూపాయలు.

ఇంతవరకూ కొలిచింది మొత్తం కోతను. అది ఎవరి మీద ఎంత పడిందన్నది వేరే ప్రశ్న. ఓవర్‌రౌండ్ దానికి జవాబివ్వదు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఇద్దరు ఆడే టెన్నిస్ మ్యాచ్ తీసుకుందాం. ఫేవరెట్ రేటు 1.20, బలహీనుడిది 4.50. అవకాశాలు 83.33, 22.22. మొత్తం 105.56. న్యాయమైన అవకాశాలు తెలియాలంటే ఆ అదనపు 5.56 తీసేయాలి. ఎక్కడి నుంచి ఎంత తీయాలి? సులువైన దారి ప్రతి అవకాశాన్నీ 1.0556తో భాగించడం. అప్పుడు ఫేవరెట్‌కు 78.95, బలహీనుడికి 21.05 వస్తాయి. ఈ లెక్క నిజమైతే ఎవరి మీద వంద రూపాయలు కాసినా సగటు నష్టం సమానం, 5.26 రూపాయలు. ఎక్కువమంది వాడేది ఈ పద్ధతే. బుక్‌మేకర్ కోతను దామాషాగా పంచాడని ఇందులో మనం చెప్పకుండానే ఒప్పేసుకుంటున్నాం.

రెండో దారిలో అదనాన్ని రెండు సగాలు చేసి, చెరొకరి నుంచి 2.78 తీసేస్తాం. ఫేవరెట్‌కు 80.56, బలహీనుడికి 19.44 మిగులుతాయి. ఇప్పుడు నష్టాల లెక్క చూడండి. ఫేవరెట్ మీద వంద కాస్తే 80.56 శాతం సార్లు 120 వస్తుంది. సగటు రాబడి 96.67, నష్టం 3.33. బలహీనుడి మీద వంద కాస్తే 19.44 శాతం సార్లు 450 వస్తుంది. సగటు రాబడి 87.50, నష్టం 12.50. రేట్లూ అవే, ఓవర్‌రౌండూ అదే. అయినా బలహీనుడి మీద కాసినవాడు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కోత కడుతున్నాడు.

వీటిలో వాస్తవానికి దగ్గరగా ఉండేది సాధారణంగా రెండోదే. గెలిచే ఆశ తక్కువున్న గుర్రాల మీద జనం అవసరానికి మించి డబ్బు పెడతారని మనస్తత్వవేత్త గ్రిఫిత్ అమెరికా రేసులను చూసి 1949లోనే రాశాడు. ఆ తర్వాత బ్రిటన్ రేసుల్లోనూ ఇదే ధోరణి పదేపదే బయటపడింది. 33/1 గుర్రాల మీద వరుసగా కాస్తూ పోయినవాళ్ల నష్టం, 2/1 గుర్రాల మీద కాసినవాళ్ల నష్టానికి ఎంతో మించి ఉంటుంది. కారణం జనం ఆశ మాత్రమేనా? 1990ల మొదట్లో హ్యూన్ సాంగ్ షిన్ అనే ఆర్థికవేత్త బుక్‌మేకర్ వైపు నుంచి ఆలోచించాడు. గుర్రపుశాల లోపలి సంగతులు తెలిసినవాళ్లు కొందరు పందెం కాస్తారు. 33/1 గుర్రం ఈరోజు మెరుపులా పరిగెడుతుందని వాళ్లకు తెలిస్తే, వాళ్లు కాసే ప్రతి పౌండుకూ బుక్‌మేకర్ ముప్పై మూడు పౌండ్లు చెల్లించాలి. 2/1 గుర్రం విషయంలో అదే సమాచారం అతనికి చేసే హాని చాలా తక్కువ. అందుకని ఆత్మరక్షణ కోసం పెద్ద రేట్లనే ఎక్కువగా కోస్తాడు. షిన్ సూత్రం కొంచెం చిక్కుగా ఉంటుంది. కానీ ఇద్దరే ఉన్న పందెంలో అది మనం చేసిన చెరిసగం తీసివేతకే వచ్చి ఆగుతుంది.

పెద్ద రేట్ల దగ్గర ఓవర్‌రౌండ్ ఎంత గుడ్డిదో చూపడానికి లెస్టర్ సిటీ కథ చాలు. 2015 ఆగస్టులో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మొదలయ్యేటప్పుడు ఆ జట్టు విజేత అవుతుందన్న పందేనికి బ్రిటిష్ బుక్‌మేకర్లు 5000/1 ఇచ్చారు. దాగిన అవకాశం 0.02 శాతం. 2016 మేలో లెస్టర్ విజేతగా నిలిచింది. అదే రేటును 500/1 అని రాసి ఉంటే అవకాశం 0.2 శాతం అయ్యేది. రేటు పదిరెట్లు మారినా ఇరవై జట్ల మొత్తంలో వచ్చే తేడా 0.18 మాత్రమే. ఓవర్‌రౌండ్ కొలిచేవాడికి అది కంటికి ఆనదు. చెల్లించాల్సిన బుక్‌మేకర్‌కు మాత్రం ఒక పౌండుకు ఐదు వందలా, ఐదు వేలా అన్నంత తేడా. వెయ్యిలో ఒకటికీ ఐదు వేలలో ఒకటికీ తేడా చెప్పగల అంచనా ఎవరి దగ్గరా ఉండదు. ఆ అనిశ్చితిలో బుక్‌మేకర్‌కు క్షేమమైన దారి రేటును బాగా కిందికి కోయడమే. లెస్టర్ విషయంలో అలా కోయలేదు.

మరి ఒక బుక్‌మేకర్ కోతను దామాషాగా పంచాడో, బలహీనుల మీద మోపాడో రేట్లను చూసి చెప్పగలమా? చెప్పలేం. ఫలితాలు కావాలి. 4.50 రేటున్న బలహీనులను ఒక గుంపుగా చేర్చి ఎంతమంది గెలిచారో లెక్కపెట్టాలి. మొదటి లెక్క నిజమైతే వెయ్యి మ్యాచ్‌ల్లో 211 మంది గెలవాలి, రెండోది నిజమైతే 194 మంది. తేడా పదహారు పదిహేడు మాత్రమే. వెయ్యి మ్యాచ్‌ల్లో గెలుపుల సంఖ్య కేవలం అదృష్టం వల్లే పన్నెండు పదమూడు అటూఇటూ ఊగడం మామూలు. కనుక వెయ్యితో తీర్పు చెప్పడం తొందరపాటు. రెండున్నర వేల మ్యాచ్‌లు చేరితే తేడా దాదాపు 40కి పెరుగుతుంది, ఊగిసలాట ఇరవై దగ్గరే ఆగుతుంది. అప్పుడు కొంత నమ్మకంగా మాట్లాడవచ్చు. పదివేలు చేరితే తేడా 160 దాటుతుంది, ఊగిసలాట నలభై. అంత పెద్ద చిట్టా ఉంటేనే ఆ 5.56 శాతంలో ఎవరి వాటా ఎంతో తేలుతుంది.